ప్రాజెక్టు పూర్తయిందని ఎండీకి రాసిన మెయిల్: ఎవరి పని ఎవరి పేరు మీద వెళ్ళింది

కంపెనీల్లో ఆఫీసు రాతపని మీద వర్క్‌షాపులు పెట్టడం నా వృత్తి. ఎక్కువగా మెయిళ్ళు, నోట్లు, రిపోర్టులు. ఇది ఆ పనిలో నా దగ్గరికి వచ్చిన ఒక కేసు. సంబంధించినవాళ్ళ అనుమతితో రాస్తున్నాను. సంస్థను గుర్తుపట్టే వివరాలు మార్చాను, మనుషుల్ని హోదాలతోనే పిలిచాను. అసలు మెయిళ్ళన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి, ఇక్కడ వాటి సారాంశం తెలుగులో ఇస్తున్నాను.

నేపథ్యం

ఆసుపత్రులకూ ల్యాబులకూ సరుకు పంపిణీ చేసే సంస్థ. హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం, బయట నాలుగు బ్రాంచీలు. జీఎస్‌టీలో ఈ-ఇన్వాయిస్ నియమం 2022 అక్టోబరు 1 నుంచి 10 కోట్ల టర్నోవరు దాటిన వ్యాపారాలకు వర్తించడంతో వీళ్ళు కూడా దాని కిందికి వచ్చారు. వ్యాపారి నుంచి వ్యాపారికి వెళ్ళే ప్రతి బిల్లునూ ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. పోర్టల్ ఆ బిల్లుకు ఐఆర్‌ఎన్ అనే గుర్తింపు నంబరు, క్యూఆర్ కోడ్ ఇస్తుంది. అవి లేని బిల్లు చెల్లదు, కొన్నవాళ్ళకు పన్ను క్రెడిట్ దగ్గర ఇబ్బంది వస్తుంది.

మొదట్లో ఈ పనంతా చేత్తోనే చేశారు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో బిల్లు కొట్టి, వివరాలను ఎక్సెల్‌లోకి తీసి, అక్కణ్ణుంచి ఫైలు తయారుచేసి పోర్టల్‌లో ఎక్కించి, వచ్చిన నంబరును మళ్ళీ బిల్లు మీదికి తెచ్చేవాళ్ళు. వ్యాన్ గేటు దగ్గర ఉంటుంది, బిల్లు ఇంకా పోర్టల్‌లో ఉంటుంది. అందుకని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచే నేరుగా ఐఆర్‌ఎన్ వచ్చేలా కలపాలని ఒక ప్రాజెక్టు పెట్టారు. దానికి లీడ్‌గా ఉన్న మహిళ ఈ కేసులో ముఖ్య వ్యక్తి. ఆవిడ పైన ఫైనాన్స్ మేనేజర్, ఆ పైన ఎండీ, ఇద్దరు డైరెక్టర్లు.

వచ్చిన సమస్య

ప్రాజెక్టు దాదాపు అయిపోయింది. పూర్తయినట్టు ఎండీకి, డైరెక్టర్లకు ఒక మెయిల్ పెట్టమని ఫైనాన్స్ మేనేజర్ చెప్పారు. ఆవిడ డ్రాఫ్ట్ రాసి, పంపేముందు నాకు చూపించారు. ఇంగ్లీషు దిద్దించుకోవడానికి కాదు, ఇంగ్లీషు బాగానే ఉంది. ఆవిడ టెన్షన్ వేరు.

అంతకుముందు ఏడాది స్టాక్ లెక్కల మీద ఇలాంటిదే ఒక చిన్న ప్రాజెక్టు చేశారు. అది అయ్యాక ఆవిడ పెట్టిన మెయిల్ చూసినప్పటి నుంచి అకౌంట్స్‌లోని సీనియర్ అకౌంటెంట్ ముభావంగా మారిపోయారట. గొడవేమీ పెట్టుకోలేదు. ఏదైనా సాయం అడిగితే మాత్రం, "మీ పేరు మీద వెళ్ళిందిగా మేడమ్, మీరే చూసుకోండి" అన్నారట ఒకసారి. ఈ అకౌంటెంట్ వయసులో పెద్ద, పదిహేనేళ్ళకు పైగా అక్కడే ఉన్న మనిషి. లీడ్ ఆవిణ్ణి అక్కా అని పిలుస్తారు. ఈ ప్రాజెక్టులోనూ అక్క పని లేకుండా ఏదీ జరగలేదు. మళ్ళీ అదే జరుగుతుందేమోనన్నది లీడ్ భయం.

ఇంకో భయం కూడా ఉంది. దాన్ని ఆవిడ కాస్త ఆలస్యంగా బయటపెట్టారు. "అందరి పేర్లూ రాస్తే, ఇంతకీ నువ్వేం చేశావమ్మా అని అడుగుతారు సార్. అప్రైజల్ రెండు నెలల్లో ఉంది." ఈ రెండో భయాన్ని చిన్నచూపు చూస్తే మొదటిదాన్ని తీర్చలేం. మధ్యస్థాయి మేనేజర్లు మెయిల్లో తమ పాత్ర పెంచి రాసుకునేది ఎక్కువగా గర్వంతో కాదు, కనపడకుండా పోతామన్న భయంతో.

మొదటి డ్రాఫ్ట్

ఆవిడ చూపించిన డ్రాఫ్ట్‌లో ముఖ్యమైన భాగం ఇలా ఉంది:

"ఈ-ఇన్వాయిస్ అనుసంధానం నా ఆధ్వర్యంలో విజయవంతంగా పూర్తయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. మాస్టర్ డేటా మొత్తాన్ని సరిచేయించి, పోర్టల్ సాంకేతిక సమస్యలను పరిష్కరింపజేసి, నెలాఖరు ఒత్తిడి లేకుండా ప్రారంభ తేదీని మార్చాను. అన్ని బ్రాంచీలలో ఏకరీతి విధానాన్ని అమలు చేశాను. సహకరించిన టీమ్ సభ్యులందరికీ ధన్యవాదాలు."

ఒక బ్రాంచి ఇంకా మిగిలి ఉందన్నది పక్కన పెడితే, ఇందులో అబద్ధమని వేలు పెట్టి చూపించగల వాక్యం లేదు. చేయించారు నిజమే, తేదీ మారింది నిజమే. అయినా చదివినవాళ్ళకు ఒక్క మనిషే కనబడుతుంది. తప్పు వాక్యాల్లో లేదు, వాటి క్రియల్లో ఉంది. 'సరిచేయించి', 'పరిష్కరింపజేసి' అన్నప్పుడు ఆ పని ఎవరో చేశారని తెలుస్తుంది గానీ, ఆ చేసినవాళ్ళు వాక్యంలోకి రారు. చివర్లో ధన్యవాదాల వాక్యం వచ్చేసరికి వాళ్ళందరూ 'సహకరించినవాళ్ళు' అయిపోతారు. ప్రధానమైన పని ఈవిడది, వాళ్ళది చేతిసాయం అన్నట్టు తేలుతుంది.

ఇలాంటి డ్రాఫ్ట్‌కు నేను ఒక పరీక్ష పెడతాను. ఈ వాక్యం చదివి ఎండీ వెంటనే ఫోన్ చేసి, "ఇది కాస్త వివరంగా చెప్పమ్మా" అంటే, ఇంకెవరినీ అడగకుండా మీరు ఎంతసేపు చెప్పగలరు? మాస్టర్ డేటా అంటే సాఫ్ట్‌వేర్‌లో ఉండే వస్తువుల, కస్టమర్ల వివరాలు. ఆ వాక్యం దగ్గర ఆవిడ ఒక నిమిషం మాట్లాడి ఆగిపోయారు. ఏయే రకం వస్తువుల హెచ్‌ఎస్‌ఎన్ కోడ్లు తప్పున్నాయి, ఏ కస్టమర్ల పిన్‌కోడ్లు రాష్ట్రంతో కలవలేదు అన్నవి అక్కకే తెలుసు. పోర్టల్ సమస్య దగ్గర ఇంకా ముందే ఆగిపోయారు. ఒకే బ్రాంచితో మొదలుపెట్టాలని ఎందుకు అనుకున్నారో అడిగితే మాత్రం ఆపకుండా మాట్లాడారు. చిత్రమేమిటంటే ఆ సంగతి డ్రాఫ్ట్‌లో లేనే లేదు. తనది కాని పనిని తన పేరు మీద రాసుకుని, తాను నిజంగా చేసినదాన్ని వదిలేశారు. ఇది నేను తరచూ చూసే విషయమే. మనం రోజూ చేసే ఆలోచన మనకు పనిలా అనిపించదు, పక్కవాళ్ళు చేసి చూపించినదే పెద్ద పనిలా అనిపిస్తుంది.

విఫలమైన రెండు ప్రయత్నాలు

ఆ పరీక్ష తర్వాత ఆవిడ పూర్తిగా రెండో వైపుకు ఒరిగిపోయారు. మర్నాడు పంపిన డ్రాఫ్ట్ "ఇది పూర్తిగా టీమ్ విజయం, ఇందులో నా పాత్ర చాలా చిన్నది" అని మొదలైంది. కింద పద్నాలుగు పేర్ల జాబితా.

దీన్ని ఫైనాన్స్ మేనేజర్‌కు చూపించమన్నాను. నా అభిప్రాయం చెప్పడం కన్నా, పైనున్నవాళ్ళు దాన్ని ఎలా చదువుతారో ఆవిడకు నేరుగా తెలియడం ముఖ్యం అనిపించింది. ఆయన చదివి అడిగింది ఒక్కటే: "ఇంతమందిలో ఎవరు ఏం చేశారు?" తర్వాత కాస్త నవ్వి, "నీ పాత్ర చిన్నదైతే మూడు నెలలు నాతో ఎందుకు వాదించావు?" అన్నారట.

జాబితా రెండు విధాలుగా దెబ్బతింది. ఒకటి, పేరు ఉంటుంది గానీ పని ఉండదు. వారాల తరబడి మాస్టర్లు దిద్దిన మనిషి, రెండు మీటింగుల్లో కూర్చున్న మనిషి ఒకే వరుసలో పక్కపక్కన ఉంటారు. అది చూసి అక్కకు గౌరవం దక్కినట్టు అనిపించదు, ఇంకాస్త చిన్నబుచ్చినట్టే ఉంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. జాబితాను ఆవిడ ప్రాజెక్టు షీట్ నుంచి తీసుకున్నారు. ఆ షీట్‌లో లేనివాళ్ళు జాబితాలోకీ రాలేదు. సాఫ్ట్‌వేర్ సంస్థ నుంచి వచ్చి పనిచేసిన డెవలపర్ బయటివాడు కాబట్టి లేడు. ఒక బ్రాంచిలో బిల్లింగ్ చేసే కుర్రాడు ప్రాజెక్టు టీమ్‌లో అధికారికంగా ఎప్పుడూ లేడు, అందుకని అతనూ లేడు. ఈ ఇద్దరూ లేకపోతే ప్రాజెక్టు మొదటి వారంలోనే ఇరుక్కునేదని తర్వాత తేలింది. పేర్లు మర్చిపోయేది అధికారిక జాబితాలోవాళ్ళవి కాదు, దాని బయట ఉన్నవాళ్ళవి.

'నా పాత్ర చాలా చిన్నది' అన్న మాట గురించి కూడా చెప్పాలి. అది వినయంలా కనబడుతుంది గానీ సమాచారంగా తప్పు. రేపు ఇలాంటి పని ఇంకోటి వస్తే ఎవరికి అప్పజెప్పాలో పైవాళ్ళు ఇలాంటి మెయిళ్ళను బట్టే గుర్తుపెట్టుకుంటారు. పాత్రను పెంచి చెప్పినా, తగ్గించి చెప్పినా వాళ్ళకు తప్పు లెక్కే అందుతుంది. పైగా లీడ్ పాత్ర చిన్నదని లీడే రాస్తే, లేదమ్మా నువ్వే చేశావు అని ఎవరో ఒకరు అనాలని ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది.

ఆ తర్వాత ప్రతి పేరు పక్కనా ఒక విశేషణం చేర్చి చూశారు. అంకితభావంతో, అసాధారణ కృషితో, అవిశ్రాంతంగా. చదివి వినిపించమన్నాను. నాలుగో పేరు దగ్గరికి వచ్చేసరికి ఆవిడకే నవ్వొచ్చింది, ఆపేశారు.

పనిచేసిన పద్ధతి

మెయిల్ పక్కన పెట్టేసి ఒక తెల్లకాగితం తీసుకున్నాం. మనుషుల పేర్లతో కాకుండా ఫలితాలతో మొదలుపెట్టమన్నాను. ఈ ప్రాజెక్టు వల్ల ఇవాళ ఏవి మారాయి? పద్నాలుగు పేర్ల జాబితా చేసిన ఆవిడకు ఫలితాలు మాత్రం నాలుగే వచ్చాయి. పోర్టల్ బిల్లుల్ని తిప్పికొట్టడం దాదాపు ఆగింది. నెట్ లేదా పోర్టల్ మధ్యలో ఆగినా బిల్లు చిక్కుకోవడం లేదు. తిరిగొచ్చిన సరుకు బిల్లుల గందరగోళం తగ్గింది. ప్రారంభం ప్రశాంతంగా జరిగింది.

ఒక్కో ఫలితం కింద మూడు ప్రశ్నలు వేసుకున్నాం. మొదట గమనించింది ఎవరు? నిర్ణయించింది ఎవరు? చేసింది ఎవరు? చాలాచోట్ల ఈ మూడూ వేర్వేరు మనుషులవుతాయి. మెయిల్లో ఒకరే ఈ మూడూ మింగేసినప్పుడే మిగతావాళ్ళకు కడుపు మండుతుంది.

తేదీ సంగతి తీసుకోండి. మొదటి డ్రాఫ్ట్‌లో 'తేదీని మార్చాను' అని ఉంది. కాగితం మీద వేస్తే ఇలా తేలింది. నెలాఖరులో మొదలుపెడితే బిల్లింగ్ మునిగిపోతుందని మొదట అన్నది అక్క, అదీ మీటింగులో కాదు, క్యాంటీన్‌లో. దాన్ని పట్టుకుని ఫైనాన్స్ మేనేజర్‌తో వాదించింది లీడ్. పది రోజుల ఆలస్యానికి ఎండీ ముందు తాను జవాబు చెబుతానని ఒప్పుకున్నది ఫైనాన్స్ మేనేజర్. ఒకే నిర్ణయంలో ముగ్గురికి వాటా ఉంది. అక్క సూచన లేకపోతే ఆలోచనే లేదు, లీడ్ వాదన లేకపోతే అది క్యాంటీన్‌లోనే ఉండిపోయేది, మేనేజర్ పూచీ లేకపోతే అమలయ్యేది కాదు.

తిరిగొచ్చిన సరుకు కథ ఇంకా బాగుంటుంది. ఐఆర్‌ఎన్ తీసుకున్నాక పోర్టల్‌లో దాన్ని రద్దు చేసుకోవడానికి 24 గంటలే గడువు. ఆ తర్వాత బిల్లు మొత్తాన్ని తగ్గించే క్రెడిట్ నోట్ వేసుకోవాల్సిందే. ప్రధాన కార్యాలయంలో ఇది అందరికీ తెలుసు, ఎవరికీ సమస్యగా అనిపించలేదు. ఊరి బయట ఆసుపత్రి వద్దన్న సరుకు వ్యాన్‌లో తిరిగొచ్చేసరికి మర్నాడు సాయంత్రం అవుతుందని, అప్పటికి గడువు దాటిపోతుందని చెప్పింది బ్రాంచిలో బిల్లు కొట్టే కుర్రాడు. అతనే 'ఎప్పుడు రద్దు, ఎప్పుడు క్రెడిట్ నోట్' అని ఒక పేజీ తెలుగులో రాసి కంప్యూటర్ పక్కన అంటించుకున్నాడు. లీడ్ బ్రాంచికి వెళ్ళినప్పుడు దాన్ని చూసి, ఫోటో తీసి మిగతా బ్రాంచీలకు పంపారు. మొదటి డ్రాఫ్ట్‌లో 'అన్ని బ్రాంచీలలో ఏకరీతి విధానాన్ని అమలు చేశాను' అన్న వాక్యం వెనక ఉన్నది ఈ కాగితమే.

పంపేముందు అడగడం

కాగితం పూర్తయ్యాక, ఎవరి గురించి ఏ వాక్యం రాయబోతున్నారో ఆ వాక్యాన్ని వాళ్ళకే చదివి వినిపించమన్నాను. "మీ గురించి రాస్తున్నాను" అని చెప్పడం కాదు, రాసిన వాక్యమే వినిపించి "ఇది సరిగ్గా ఉందా, మీకు ఇబ్బందేమైనా ఉందా" అని అడగాలి. మొదటిది మొహమాటపు మాట, అలా అంటే అందరూ "అయ్యో ఎందుకు మేడమ్" అంటారు. వాక్యం వింటే మాత్రం దిద్దుతారు. అలా దిద్దినవే ఈ మెయిల్‌ను నిలబెట్టాయి.

అక్క రెండు మార్పులు అడిగారు. 'ఒంటరిగా' అన్న మాట తీసేయమన్నారు, పిన్‌కోడ్ల పని సగం తన కింద ఉన్న జూనియర్ చేసిందట. 'రాత్రిళ్ళు కూర్చుని' అన్నదీ తీసేయమన్నారు. "మెచ్చుకోలుగానే రాశావు, కానీ సార్ చదివితే పగలు ఏం చేస్తున్నారని అడుగుతారు" అన్నారట. ఎంత కష్టపడ్డారో రాస్తే గౌరవమని మనం అనుకుంటాం. పైనున్నవాళ్ళు దాన్ని మనుషులు చాలడం లేదనో, పని ప్రణాళిక లేదనో చదవొచ్చు. ఆ తేడా అనుభవం ఉన్న ఉద్యోగికి ఇట్టే తెలుస్తుంది.

బ్రాంచి కుర్రాడు సంతోషించాడు, వెంటనే భయపడ్డాడు. "మేడమ్, అంతకుముందు రద్దులు తప్పుగా జరిగాయని బయటపడితే మా మేనేజర్ సార్‌కు మాట వస్తుందేమో." సమస్యను కనిపెట్టినవాణ్ణి మెచ్చుకుంటే, ఆ సమస్య ఎవరి హయాంలో ఉందన్న ప్రశ్న పక్కనే ఉంటుంది. అందుకని వాక్యంలో జరిగిన తప్పుల ఊసు తీసేసి, 24 గంటల నియమాన్నీ సరుకు తిరిగివచ్చే సమయాన్నీ మాత్రమే ఉంచాం. నిజం మారలేదు, ఎవరి మీదా వేలు పడలేదు. లీడ్ బ్రాంచి మేనేజర్‌కు కూడా ముందే ఫోన్ చేసి ఆ వాక్యం వినిపించారు.

డెవలపర్ విషయంలో అడగాల్సింది అతన్ని ఒక్కణ్ణే కాదు. అతను మరో సంస్థ ఉద్యోగి. క్లయింట్ మెయిల్లో అతని పేరు నేరుగా వస్తే అతని మేనేజర్ ఎలా తీసుకుంటారో మనకు తెలియదు. కొన్ని సంస్థలు సంతోషిస్తాయి. కొన్ని, తమ ఉద్యోగిని క్లయింట్ లాక్కుంటాడేమోనని అనుమానిస్తాయి. లీడ్ ఆ మేనేజర్‌కు ఫోన్ చేసి అడిగారు, పేరు రాయడానికి ఒప్పుకున్నారు, సంస్థ పేరు కూడా పక్కన ఉండాలన్నారు. అది సబబే.

వెళ్ళిన మెయిల్

అసలులో పేర్లున్నచోట ఇక్కడ హోదాలు పెట్టాను.

"సర్,

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచే నేరుగా ఐఆర్‌ఎన్ వచ్చే పద్ధతి ప్రధాన కార్యాలయంలోనూ మూడు బ్రాంచీల్లోనూ నడుస్తోంది. నాలుగో బ్రాంచిలో పాత కంప్యూటర్లు మార్చాక మొదలవుతుంది. ఈ నెల 20లోగా అది పూర్తి చేయించే బాధ్యత నాది.

పోర్టల్ మన బిల్లుల్ని తిప్పికొట్టడానికి ముఖ్య కారణం మాస్టర్లలోని తప్పు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్లు, కస్టమర్ల పిన్‌కోడ్లు. వాటిని సీనియర్ అకౌంటెంట్, జూనియర్ అకౌంటెంట్ కలిసి సరిదిద్దారు. ఏవి మార్చారో వారి దగ్గర జాబితా ఉంది.

పోర్టల్ జవాబు ఆలస్యమైనప్పుడు అదే బిల్లు రెండోసారి వెళ్ళి, డూప్లికేట్ అని తిరిగి వచ్చేది. సాఫ్ట్‌వేర్ సంస్థ డెవలపర్ దీన్ని పట్టుకుని, రెండోసారి కొత్త నంబరు అడగకుండా మొదట నమోదైన నంబరునే తెచ్చుకునేలా మార్చారు.

ఐఆర్‌ఎన్ రద్దుకు 24 గంటలే గడువు. బయటి ఊళ్ళ నుంచి సరుకు ఆ లోపు తిరిగి రాదని మొదట చెప్పింది బ్రాంచి బిల్లింగ్ అసిస్టెంట్. రద్దు ఎప్పుడు, క్రెడిట్ నోట్ ఎప్పుడు అని ఆయన రాసిన పేజీనే ఇప్పుడు అన్ని బ్రాంచీలూ వాడుతున్నాయి.

నెలాఖరులో మొదలుపెట్టవద్దన్న సూచన సీనియర్ అకౌంటెంట్ గారిది. పది రోజుల ఆలస్యానికి ఫైనాన్స్ మేనేజర్ గారు పూచీపడి ఆమోదించారు. అన్నిచోట్లా ఒకేసారి కాకుండా ఒక బ్రాంచితో మొదలుపెట్టాలన్న నిర్ణయం, తేదీల ప్రణాళిక, సాఫ్ట్‌వేర్ సంస్థతో సమన్వయం నేను చూశాను."

అంతే. ధన్యవాదాల పేరా లేదు. ఆవిడకు మొదట అది వెలితిగా అనిపించింది, మర్యాదగా ఉండదేమో అన్నారు. ఎండీలు మెయిళ్ళు ఎక్కువగా ఫోన్లో చూస్తారు, మొదటి తెర దాటి కిందికి వెళ్ళేది తక్కువ. చివర్లో ఉన్న కృతజ్ఞతల పేరాను చదివేది అందులో పేరున్నవాళ్ళే. పేరు ఫలితం పక్కనే ఉంటే, ఫలితం చదివినవాళ్ళు పేరును దాటిపోలేరు. కృతజ్ఞతలు ఆవిడ విడిగా, నోటితో చెప్పారు. అక్కడ విశేషణాలు ఎన్నయినా వాడుకోవచ్చు.

తన పాత్రను చివరి వాక్యంలో, మిగతావాళ్ళ పనులు రాసిన తీరులోనే రాశారు. 'ఆధ్వర్యంలో', 'నాయకత్వంలో' అనలేదు, 'చిన్న పాత్ర' అనీ అనలేదు. ఏ నిర్ణయం, ఏ పని అన్నది అందరికీ ఒకే కొలత. మొదటి పేరాలో మిగిలిపోయిన బ్రాంచి బాధ్యతను తన మీద వేసుకోవడం కూడా నేను పట్టుబట్టిన విషయమే. పూర్తికానిదాన్ని పూర్తయిందని రాయడం కూడా పాత్రను పెంచుకోవడమే. పైగా లీడ్ ఏం చేస్తారో ఆ ఒక్క వాక్యంతోనే తెలిసిపోతుంది.

సీసీ దగ్గర కాసేపు ఆగాం. పేరున్న ప్రతివాళ్ళూ సీసీలో ఉండాలన్నది నా నియమం. ఎవరి గురించి పైకి ఏం వెళ్ళిందో వాళ్ళకు ఇంకొకరి నోటి ద్వారా తెలియకూడదు. కానీ బ్రాంచి కుర్రాడికి కంపెనీ మెయిల్ ఐడీ లేదు, బ్రాంచి మొత్తానికి ఒకటే. దానికి సీసీ పెట్టి, బ్రాంచి మేనేజర్‌కు ఫోన్ చేసి అతనికి చూపించమని చెప్పారు.

తర్వాత

ఎండీ జవాబు రెండు లైన్లే. నాలుగో బ్రాంచి తేదీ గుర్తుపెట్టుకున్నానన్నారు. రెండో లైన్ నేరుగా సీనియర్ అకౌంటెంట్‌కు: సరిదిద్దిన కస్టమర్ల జాబితా సేల్స్ వాళ్ళకు కూడా పంపగలరా అని. అక్కకు ఎండీ నుంచి నేరుగా మెయిల్ రావడం అదే మొదలట.

ఫైనాన్స్ మేనేజర్‌కు మాత్రం అంత సంతృప్తి లేదు. తన పేరు చివరి పేరాలో రావడం ఆయనకు నచ్చలేదు. లీడ్‌తో అననే అన్నారు. పైస్థాయి వ్యక్తి పేరు ముందుండాలన్నది మన ఆఫీసుల్లో బలమైన అలవాటు, దాన్ని కొట్టిపారేయలేం. ఆవిడ ఇచ్చిన జవాబు నాకు నచ్చింది. "సార్, మీ పేరు పక్కన పది రోజుల ఆలస్యానికి పూచీ ఉంది. పైన పెడితే అది 'మేనేజర్ గారి మార్గదర్శకత్వంలో' అని అయిపోయేది, ఎవరూ చదవరు." ఆయన ఒప్పుకున్నారని చెప్పలేను, వాదించడం మానేశారు. ఆయన ఇంకా గట్టిగా పట్టుబట్టి ఉంటే చివరి పేరాను మొదటి పేరా తర్వాతికి జరపమనేవాణ్ణి. వరుస మారినా నష్టం లేదు, ఆయన చేసినదేమిటో వాక్యంలో ఉంటే చాలు.

అప్రైజల్ సంగతి చాలామంది అడుగుతారు. ఆవిడకు రేటింగ్ ఎంత వచ్చిందో నేను అడగలేదు, వచ్చినదానికి ఈ మెయిల్‌తో ముడిపెట్టడం కూడా సరికాదు. నాకు తెలిసినంతవరకు, ఈ-వే బిల్లును కూడా అదే సాఫ్ట్‌వేర్‌కు కలిపే తర్వాతి పని ఆవిడకే ఇచ్చారు. 'ఒక బ్రాంచితోనే మొదలుపెట్టమ్మా' అని ఎండీయే అన్నారట.

ఇదే పద్ధతి మరో చోట అతకకపోవచ్చు

ఇక్కడ ప్రాజెక్టు చిన్నది, ఫలితాలు నాలుగు, మనుషులు చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది. వందమంది పనిచేసినచోట ప్రతి పేరూ ఫలితం పక్కన పెట్టడం కుదరదు. అక్కడ ఒక్కో భాగానికి బాధ్యులను రాసి, వాళ్ళ కింద ఎవరు ఏం చేశారో వాళ్ళనే తమ టీమ్ మెయిల్లో రాయమనాలి. లేదంటే మళ్ళీ జాబితాకే వస్తాం.

మెయిల్ మీరు రాసినా పంపేది మీ బాస్ అయితే ఇంకో చిక్కు ఉంది. వాక్యాలు పైకి వెళ్ళేదారిలో మారతాయి. 'సూచన ఫలానావారిది' అన్నది 'మా టీమ్ సూచన' అవుతుంది. అలాంటిచోట మెయిల్‌ను కాకుండా దాని కింద జతచేసే ఒక పేజీ నివేదికను నమ్ముకోమంటాను. ఎవరు గమనించారు, ఎవరు నిర్ణయించారు, ఎవరు చేశారు అన్న పట్టికను అందులో పెట్టండి. బాస్‌లు మెయిల్ దిద్దుతారు గానీ అటాచ్‌మెంట్‌లోని పట్టిక జోలికి వెళ్ళడం నేను తక్కువగా చూశాను.

ఇక పని సరిగ్గా చేయనివాళ్ళ సంగతి. ఈ కేసులోనూ అలాంటి ఒకరున్నారు, ప్రాజెక్టు షీట్‌లో పేరుంది, చేతిలో పని లేదు. లీడ్ అడిగారు, ఆయన పేరు రాయకపోతే బాగుంటుందా అని. ఏ ఫలితం పక్కన రాస్తారని అడిగాను. కాగితం వైపు కాసేపు చూసి, రాయలేదు. ఆయన సీసీలో ఉన్నారు, ఆయన నుంచి ఏ మాటా రాలేదు.